మెట్టు మారిన ప్రీమియం

2020 ఏప్రిల్ 21న మైక్రోసాఫ్ట్ చిన్న వ్యాపారాలకు అమ్మే ఆఫీస్ ప్లాన్ల పేర్లు మార్చింది. ధరలు, సదుపాయాలు అలాగే ఉంచింది.

పాత వరుస తికమకగా ఉండేది. అమెరికాలో మనిషికి నెలకు 5 డాలర్లది 'ఆఫీస్ 365 బిజినెస్ ఎసెన్షియల్స్', 12.50 డాలర్లది 'ఆఫీస్ 365 బిజినెస్ ప్రీమియం'. అంతకన్నా ఖరీదైన 20 డాలర్లదానికేమో ఉత్త 'మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్'! ఉద్యోగుల ఫోన్లనూ కంప్యూటర్లనూ ఆఫీసు అదుపులో ఉంచే ఇంట్యూన్ ఇందులోనే ఉండేది. ఆ సంగతి పేరు చూసి పోల్చుకునేదెలా?

కొత్త వరుస బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం. మెట్లు కుదిరాయి. చిక్కల్లా, మధ్య ప్లాన్‌కున్న 'బిజినెస్ ప్రీమియం' అన్న పేరు పైదానికి వెళ్లడమే. పాత బిల్లులో ఆ పేరున్నవారు కొన్నది నేటి స్టాండర్డే. పైమెట్టుకు ఎవరూ వాడని పేరు వెతకాల్సింది.