వంద మాటల్లో ‘నెక్లెస్’

మొపాసా రాసిన ‘నెక్లెస్’ కథ 1884లో పారిస్ పత్రికలో అచ్చయింది. అంత కథను వంద మాటల్లోకి దించమంటే చాలామంది పేరాకి కొంత చొప్పున కోసుకుంటూ పోతారు. అప్పుడు మిగిలేది కథ కాదు, పరీక్షలో రాసే సారాంశం.

చివర్నించి మొదలుపెట్టాలి. మెలిక ఏమిటి? నగ గిల్టుది. ఆ దెబ్బ తగలాలంటే అవి నిజం వజ్రాలేనని పాఠకుడు అంతదాకా నమ్మాలి, ఆ నమ్మకానికి ఎంత మూల్యం చెల్లించారో కళ్లారా చూడాలి. ఈ రెంటికీ పనికొచ్చేవే ఉంచి, మిగతావి తీసేయాలి. ఇదిగో, లెక్కకు సరిగ్గా వంద:

విందుకు పిలుపొచ్చింది, మెడలో నగ లేదు. మటిల్డా ధనికురాలైన స్నేహితురాలిని అడిగింది. ఆమె నగలన్నీ ముందు పెట్టి “నచ్చింది తీసుకో” అంది. మటిల్డా వజ్రాల హారం తీసుకుంది.

విందు ముగిసి ఇల్లు చేరేసరికి మెడలో హారం లేదు. భర్త వీధులన్నీ వెతికాడు. చివరికి అచ్చం అలాంటిదే ఓ దుకాణంలో కనిపించింది. ధర 36 వేల ఫ్రాంకులు. మామగారిచ్చిన డబ్బంతా పోసి, మిగతాది అప్పు తెచ్చి కొన్నారు. స్నేహితురాలు పెట్టె తెరిచి చూడకుండానే పుచ్చుకుంది.

పనిమనిషిని మాన్పించారు. ఉన్న ఇల్లు వదిలి చిన్నగదికి మారారు. మటిల్డా అంట్లు తోమింది, బట్టలుతికింది, నీళ్లు మోసింది, కూరలవాడితో దమ్మిడీకి బేరమాడింది. అప్పు తీరడానికి పదేళ్లు పట్టింది.

ఓ ఆదివారం స్నేహితురాలు ఎదురైంది. ఇంకా పడుచుగానే ఉంది. మటిల్డాను మాత్రం గుర్తుపట్టలేదు. “నీ హారం ఆనాడే పోయింది. మేం కొనిచ్చిన దాని అప్పు ఇప్పటికి తీరింది,” అంది మటిల్డా.

స్నేహితురాలి మొహం పాలిపోయింది. “నేనిచ్చింది గిల్టు నగ!”

పెట్టె తెరవని వాక్యం చూడండి. మొదటిసారి చదివినప్పుడు “హమ్మయ్య, పట్టుబడలేదు” అనిపిస్తుంది. చివరికి వచ్చాక అదే సాక్ష్యమవుతుంది. గిల్టు నగని ఎవరు పరీక్షగా చూసుకుంటారు? ఇలా రెండు పనులు చేసే వాక్యాన్ని ఎంత ఇరుకైనా వదలకూడదు. మూలంలో ఇంకో ఆధారముంది: పెట్టె లోపల పేరున్న నగల వర్తకుడు తాను పెట్టె మాత్రమే ఇచ్చానంటాడు. పెద్ద కథలో అది జనంలో కలిసిపోతుంది. వంద మాటల్లో పెడితే ఎత్తుగా కనబడి గుట్టు విప్పేస్తుంది. అందుకే తీసేశాను.

నష్టం లేకపోలేదు. మటిల్డా పగటికలలు, ఆడంబరం మీద ఆమె మోజు ఎగిరిపోయాయి. మూలంలో ఆమె కొంత తన చేతులారా చెడింది. ఇక్కడ వట్టి దురదృష్టవంతురాలు.

పూర్తయ్యాక చివరి పేరా మూసి, ఈ కథ తెలియనివాళ్ల చేత చదివించండి. ముందే పసిగడితే ఏ మాట గుట్టు చెప్పిందో వెతకండి. చివరిది చదివి కూడా “అయితే ఏమిటి?” అంటే, పదేళ్ల కష్టం చాల్లేదన్నమాట. శీర్షిక విషయంలోనూ జాగ్రత్త. ‘గిల్టు నగ’ అని పేరు పెడితే కింద వంద మాటలూ దండగే.