పైతోలు బతికుందా?

పెళ్లికి వెళ్దామని అటక మీంచి నల్ల బూట్లు దించాను. కొని ఎనిమిదేళ్లయినా ఏడాదికి రెండు మూడు సార్లకు మించి తొడగలేదు. గుమ్మం దాటి పది అడుగులు వేశానో లేదో, వెనకాల నేల మీద నల్లటి ముద్దలు రాలుతున్నాయి. అడుగున సోలు తడిసిన బిస్కెట్టులా విడిపోతోంది.

ఇలాంటి మెత్తటి తేలిక సోళ్లు చాలావరకు పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో పోసినవి. గాలిలోని తేమ ఆ ప్లాస్టిక్‌లోకి చేరి, దాని అణువుల గొలుసులను ఏళ్ల తరబడి తెంపుతూ పోతుంది. తొడగకుండా దాచినా ఈ పని ఆగదు. మన ఉక్కపోతలో ఇంకా త్వరగా జరుగుతుంది. అంటే అరిగి పోయినది కాదు, లోలోపల కుళ్లి పోయింది. దానికి జిగురు పూసి అతికిస్తే జిగురు పట్టుకునేది ఆ కుళ్లిన పొరనే కాబట్టి, నాలుగు రోజుల్లో మళ్లీ ఊడుతుంది. మొత్తం తీసెయ్యాల్సిందే.

ఆ బూట్లతో పాటు, రెండేళ్ల కిందట కొన్న గోధుమరంగు జత కూడా సంచిలో వేసుకుని, బస్టాండు పక్కన చెట్టు కింద కూర్చునే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. దానికి మడమ అరిగిందంతే. అదే తేలిగ్గా బాగవుతుందని నా లెక్క.

ఆయన సోలు వైపు చూడనే లేదు. నల్ల బూటులో చెయ్యి పెట్టి, వేళ్ల దగ్గర ముడతపడే చోట లోపలి నుంచి బొటనవేలితో నొక్కాడు. తోలు సాగి గీతలు కొంచెం మాసిపోయాయి. "ఇది ముడతే బాబూ, పగులు కాదు" అన్నాడు. పగులైతే నొక్కినప్పుడు నోరు తెరుచుకుంటుంది, లోపల పీచు కనిపిస్తుంది. పాలిష్ దాన్ని కప్పుతుంది గానీ కలపదు. నడిచిన ప్రతిసారీ అక్కడే మడత పడుతుంది కనుక ఆ చీలిక పెరిగేదే.

తర్వాత ఆయన ఎక్కువసేపు చూసింది పైతోలు లోపలికి మడిచి అట్టకు అంటించిన అంచుని. మనం ఎప్పుడూ చూడం గానీ, కొత్త సోలు నిలబడేది దాని మీదే. ఆ అంచు చిరిగితే, ఎండి పెళుసెక్కితే, పైన తోలు ఎంత నిగనిగలాడినా లాభం లేదు. ఆరెతో పొడిచే ప్రతి కన్నమూ తోలుకు ఒక గాయమే. తోలులో జీవం లేకపోతే తపాలా బిళ్లల్లాగా కన్నం నుంచి కన్నానికి చిరిగిపోతుంది. ఒకే జతకు పదే పదే సోలు మార్చలేకపోవడానికి ఇదొక కారణం. మడమ వెనక లోపలి గుడ్డకు పడిన చిల్లును మాత్రం ఆయన లెక్కచెయ్యలేదు. చిన్న తోలు ముక్కతో పోయేదే కదా.

గోధుమరంగు జతను ఒక్కసారి వంచి వెనక్కి ఇచ్చేశాడు. ముడత దగ్గర పొర లేచి, కింద నేత గుడ్డ కనిపిస్తోంది. అది తోలు కాదు, గుడ్డ మీద ప్లాస్టిక్ పూత. కుట్టు వేస్తే నిలవదు. సోలుకు డబ్బు దండగ అన్నాడు.

నల్లవాటికి పాత ముద్దంతా గీకి, మిగిలిన పొడి కూడా పోయేదాకా ఆకురాయితో రుద్దాడు. గరుకు చేసిన రబ్బరు సోలుకూ బూటు అడుగుకూ, రెండింటికీ సొల్యూషన్ పూసి పక్కన పెట్టాడు. వేలికి అంటుకోనంతగా ఆరాలి, పావుగంట పట్టింది. తడిమీద అతికిస్తే మధ్యలో ద్రావకం చిక్కుకుని పట్టు రాదు. నేను తొందరపడుతుంటే, "సాయంత్రం రండి" అన్నాడు.

వెళ్లేసరికి చుట్టూ కుట్టు వేస్తున్నాడు. సోలు అడుగున కత్తితో సన్నటి గాడి తీసి, మైనం పట్టించిన దారం అందులో కూరుకుపోయేలా లాగుతున్నాడు. గాడి లేకపోతే దారమే ముందు నేలకు రాసుకుని తెగిపోతుంది. ఇది అడిగి చేయించుకోవాల్సిన పని, ఎందుకంటే తొందరలో చాలామంది వదిలేస్తారు.

నాలుగు వందల యాభై తీసుకున్నాడు. ఒక రోజు ఆగి తొడగమన్నాడు. మడమ బయటి అంచు రబ్బరు సగం అరగగానే తీసుకొస్తే చిన్న ముక్క వేస్తే సరిపోతుందనీ, అరుగుదల పైన అట్టదాకా వెళ్తే మడమంతా మార్చాలనీ చెప్పాడు. ఇప్పుడు ఆ బూట్లు అటక మీద లేవు, గుమ్మం దగ్గరే ఉంటున్నాయి.