నడుము సన్నబడితే గుమ్మం వంగింది!

పెళ్లి ఆల్బములు తిరగవేసేవారికి అప్పుడప్పుడొక విచిత్రం కంటబడుతుంది. పెళ్లికూతురు మెరుపుతీగలాగే ఉంటుంది. కాని ఆమె వెనుక ద్వారబంధం నడుము దగ్గరకు వచ్చేసరికి విల్లులా వంగి ఉంటుంది! తప్పు వడ్రంగిది కాదు, ఫోటోను కంప్యూటరులో దిద్దినవారిది.

ఫోటోషాప్‌లో Liquify అనే సాధనం బొమ్మను సాగే రబ్బరు గుడ్డలా జరుపుతుంది. నడుమేదో గోడేదో దానికి పట్టదు. నడుము అంచును లోపలికి నెట్టితే, దానినంటి ఉన్న గుమ్మం కూడా వెంట వస్తుంది.

ఒక ఫోటోలో నడుము వెడల్పు 800 పిక్సెళ్లు, అనగా 800 చుక్కలు, ఉన్నదనుకుందాం. ఇరుప్రక్కలా 12 చొప్పున తగ్గిస్తే నూటికి మూడు వంతులు. అంతకు మించితే పిల్ల పోలికే మారిపోతుందని నా అభిప్రాయం. ముందు Ctrl+J నొక్కి ఫోటోకు నకలు పొర తీసి, దానిమీదనే పని చెయ్యాలి. Forward Warp కుంచె పెద్దదిగా, 400 వరకు ఉండాలి. Pressure 20 చాలు. చిన్న కుంచెతో నెట్టితే అంచు అలలు అలలుగా తేలుతుంది. అయితే పెద్ద కుంచె చేతినీ గుమ్మాన్నీ కూడా తాకుతుంది గదా! అందుకే Freeze Mask తో ఆ రెంటిపైనా ముందే పూత పుయ్యాలి. పూత పడ్డచోటు ఎర్రగా కనిపిస్తుంది, కదలదు. మధ్యనున్న సున్నపు గోడ కొంచెం సాగినా ఎవరికీ తెలియదు.

వెనుక కిటికీ ఊచలు అడ్డంగా ఉంటే మరీ సులువు. కుంచెను ఊచ వెంబడే, సరిగా అడ్డంగా నెట్టాలి. ఊచ పొడవునా సాగుతుందే గాని వంగదు. కాస్త ఏటవాలుగా నెట్టారా, వంకర తేలినట్లే.

గుమ్మం నడుమునే అంటుకొని ఉంటే పూత పనిచెయ్యదు. దానితోపాటు నడుము అంచు కూడా బిగిసిపోతుంది. అప్పుడు గుమ్మం వంగినా సరే, నడుము దిద్దేసి, తరువాత పైన తిన్నగా ఉన్న గుమ్మపు ముక్కనొకదానిని నకలు తీసి, వంగినచోట అతికి, నడుము మీదికి వచ్చిన భాగాన్ని చెరిపివెయ్యాలి. క్రింది పొరను బయటపెట్టితే చాలదా అంటారేమో. అక్కడ పాత నడుమే తొంగిచూస్తుంది.

దవడకూ ఇదే పద్ధతి. కుంచె ముఖంలో సగం వెడల్పుండాలి. చెవికీ జుంకాకూ పూత పూసి, చెవి క్రిందనుంచి గడ్డం వరకు కొద్దికొద్దిగా నెట్టాలి. ముఖాన్ని తానే గుర్తించే Jawline మీట కూడా ఉన్నది గాని, అదీ ప్రక్కనున్న గీతలను కదిలించగలదు.

పని అయిన తరువాత పై పొర కన్నుగుర్తును నొక్కుతూ పాత, కొత్త బొమ్మలను మార్చి మార్చి చూడాలి. నడుమును కాదు, గుమ్మాన్ని చూడాలి. అది ఉలిక్కిపడినట్లు కదిలితే వంగిందన్నమాట. గీతను కొలబద్దతో సరిచూడటం ఒక్కొక్కప్పుడు మోసం చేస్తుంది. దగ్గరనుంచి తీసిన ఫోటోలలో కెమెరా కటకమే గుమ్మాన్ని కొంత వంచి ఉండవచ్చు.