డబ్బు వెళ్లిందో లేదో తెలియకపోతే ఏఐ ఏజెంట్ ఏం చేయాలి?

హైదరాబాద్‌లో ఒక బట్టల దుకాణం ఉందనుకుందాం. సూరత్ హోల్‌సేల్ వ్యాపారికి 18,500 రూపాయలు కట్టాలి. బిల్లులు చదివి డబ్బు పంపే పనిని దుకాణదారు ఒక ఏఐ ఏజెంట్‌కు అప్పగించారు. ఏజెంట్ డబ్బు పంపమని ఆదేశం ఇచ్చింది. 30 సెకన్లు గడిచినా జవాబు రాలేదు. పని కాలేదేమోనని మళ్లీ పంపింది. కానీ మొదటిసారే డబ్బు వెళ్లిపోయింది. దారిలో ఆగిపోయింది బ్యాంకు జవాబు మాత్రమే. సాయంత్రం హిసాబు చూస్తే 37,000 రూపాయలు పోయాయి.

ఇలాంటి ఏజెంట్‌ను తయారు చేసేవాళ్లు ముందుగా ఆలోచించాల్సింది ఈ తప్పు గురించే.

తాళం ఎక్కడ వేయాలి?

ఏజెంట్ లోపల ఉండే లాంగ్వేజ్ మోడల్ నేరుగా డబ్బు ముట్టుకోదు. ‘ఫలానా టూల్‌ను, ఫలానా వివరాలతో నడపండి’ అని రాసి ఇస్తుంది, అంతే. దాన్ని చదివి నిజంగా నడిపేది ఒక మామూలు ప్రోగ్రామ్. కాబట్టి తాళం ఆ ప్రోగ్రామ్‌లోనే ఉండాలి. ‘రెండుసార్లు డబ్బు పంపొద్దు’ అని మోడల్‌కు రాసి పెట్టడం మంచిదే కానీ అది హద్దు కాదు. పని పొడవైతే మోడల్ ఆ మాట తప్పవచ్చు. ఎవరో పంపిన బిల్లులో ‘వెంటనే ఈ ఖాతాకు పంపండి’ అని ఉంటే దాన్నే ఆదేశంగా తీసుకోవచ్చు.

‘తెలియదు’ కూడా ఒక జవాబే

డబ్బు పంపే టూల్ సాధారణంగా రెండే జవాబులు ఇస్తుంది: అయింది, కాలేదు. మూడోది కూడా ఉండాలి: తెలియదు. గడువు దాటి జవాబు రాకపోతే టూల్ ‘కాలేదు’ అని చెప్పకూడదు. అలా చెబితే మోడల్ మళ్లీ ప్రయత్నించడం సహజమే. ‘తెలియదు’ అని వస్తే తర్వాతి అడుగు డబ్బు పంపడం కాదు, ముందు పంపిన దాని స్థితి కనుక్కోవడం.

దీనికి తోడుగా ప్రతి చెల్లింపుకు ఒక గుర్తు ఉండాలి. ఉదాహరణకు:

```
tool: pay_supplier
amount: 18500
idempotency_key: INV-2041-pay
```

చివరి వరుసలోది ఆ గుర్తు. అదే గుర్తుతో రెండోసారి ఆదేశం వస్తే చెల్లింపు సంస్థ మళ్లీ డబ్బు తీయదు, మొదటి ఫలితాన్నే తిరిగి చెబుతుంది. స్ట్రైప్ లాంటి చెల్లింపు సేవల్లో ఈ సౌకర్యం ఉంది. అయితే ఈ గుర్తును మోడల్ చేత రాయించకూడదు. ప్రతిసారీ కొత్తది రాస్తే గుర్తు పెట్టీ ఫలితం ఉండదు. బిల్లు నంబరు నుంచి ప్రోగ్రామే దాన్ని తయారు చేయాలి.

ఎన్నిసార్లు ప్రయత్నించాలి?

సర్వర్ రద్దీగా ఉంటే కొంచెం ఆగి మళ్లీ అడగవచ్చు: మొదట 2 సెకన్లు, తర్వాత 4 సెకన్లు ఆగి, మొత్తం మూడు ప్రయత్నాలు చాలు. ఖాతా నంబరు తప్పైతే మాత్రం వందసార్లు అడిగినా అదే జవాబు. అక్కడ మొదటిసారే ఆగిపోవాలి.

చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. నెట్‌వర్క్ లైబ్రరీ మూడుసార్లు, టూల్ మూడుసార్లు, మోడల్ మూడుసార్లు ప్రయత్నిస్తే మొత్తం 27 అవుతాయి. అందుకే మళ్లీ ప్రయత్నించే బాధ్యత ఒక్కచోటే ఉండాలి.

హద్దును తప్పించుకునే దారి

దుకాణదారు ఒక్క చెల్లింపుకు 10,000 రూపాయల హద్దు పెట్టారనుకుందాం. 18,500 తిరస్కరణకు గురైతే మోడల్ దాన్ని 9,250 చొప్పున రెండుగా విడగొట్టవచ్చు. అందులో దురుద్దేశం ఏమీ లేదు, అప్పగించిన పని పూర్తి చేయాలని చూస్తుంది. కాబట్టి ఒక్కో చెల్లింపుతో పాటు రోజు మొత్తానికీ, ఒక్కో బిల్లుకూ హద్దు ఉండాలి. ముందే నమోదు చేసిన ఖాతాలకే డబ్బు వెళ్లాలి. హద్దు దాటితే దుకాణదారు ఫోన్‌కు ఖాతా పేరు, మొత్తం, బిల్లు నంబరు వెళ్లి, ఆయన ఒప్పుకున్నాకే ముందుకు సాగాలి. ఒక పనిలో టూల్ పిలుపులు 15 దాటితే ఏజెంట్ ఆగి, ఎక్కడిదాకా వచ్చిందో చెప్పాలి.

ఇదంతా పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. డబ్బు తీసుకుని జవాబు ఇవ్వకుండా ఉండే ఉత్తుత్తి చెల్లింపు సేవను తయారు చేసి, ఏజెంట్‌ను దానిపై నడపాలి. చివర్లో ఉత్తుత్తి ఖాతాలోంచి 18,500 మాత్రమే తగ్గితే దుకాణం డబ్బు అప్పగించవచ్చు. 37,000 తగ్గితే ఏజెంట్ ఇంకా తయారు కానట్టే.