ఉండకట్టని బజ్జీల పిండి

బజ్జీల పిండి ఉండకట్టకుండా రావాలంటే ముందుగా పప్పు, బియ్యం బాగా ఎండాలి. పచ్చి శనగపప్పును కడగకుండా పొడిగుడ్డతో తుడిచి, రాళ్లు ఏరి, ఒక రోజంతా మంచి ఎండలో పలుచగా పరుస్తారు. పంటి కింద పప్పు టక్కున విరిగితే ఎండినట్టు, కాస్త సాగినట్టనిపిస్తే ఇంకో పూట ఎండాలి. బియ్యానికి అంటిన తవుడు పోవాలి కనుక వాటిని కడిగి, నీళ్లు ఓడ్చి, నీడలో గుడ్డమీద ఆరబెట్టి, ఆ తర్వాతే ఎండలో పెడతారు. అరిసెల బియ్యప్పిండి దారి వేరు: నానిన బియ్యాన్ని తడి ఉండగానే ఆడిస్తారు. అది నిల్వకు పనికిరాదు.

కిలోలకొద్దీ అయితే మరకు పంపడమే మేలు. మిరపకాయలు ఆడించిన వెంటనే మాత్రం పొయ్యనివ్వకూడదు. కొద్దిగా కావాలంటే మిక్సీ చాలు. జారులో సగానికి మించకుండా వేసి, ఆపి ఆపి తిప్పాలి. ఆగకుండా తిప్పితే పిండి వేడెక్కుతుంది. ఆ వేడి మీదే డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమ్మ పట్టి, పిండి గడ్డకడుతుంది. అందుకే మరనుంచి వచ్చినా, మిక్సీలో పట్టినా కాగితంమీద పరిచి చల్లార్చాలి. సన్నటి జల్లెడపై మిగిలిన నూకను మళ్లీ పట్టి జల్లిస్తారు. శనగపిండిలో నూనె పాలు ఎక్కువ, పాతబడితే కనరు వాసన వస్తుంది. కాబట్టి నెలకు సరిపడా పట్టించుకుంటే చాలు.

ఒక కప్పు శనగపిండికి రెండు పెద్ద చెంచాల బియ్యప్పిండి కలిపితే బజ్జీ కరకరలాడుతుంది. వాము, ఉప్పు, కారం కూడా వేసి, కలిపే ముందు మరోసారి జల్లించాలి. నీళ్లు ఒక్కసారిగా పోస్తే ప్రతి పిండి ముద్దకూ పైపొర తడిసి జిగటగా మూసుకుపోతుంది, లోపలి పిండికి నీరు చేరదు. ఉండ కట్టడమంటే ఇదే. అందుకే ముందు పావు కప్పు చల్లటి నీళ్లు మాత్రమే పోసి, చేతివేళ్లతో గిన్నె అంచుకేసి నలుపుతూ చిక్కటి ముద్దగా చేయాలి. ఆ చిక్కదనంలో ఒరిపిడికి ఉండలు చితికిపోతాయి, పలుచటి పిండిలో అయితే వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. ముద్ద నున్నగా అయ్యాక తక్కిన నీళ్లు కొంచెం కొంచెంగా చేర్చాలి. వేడినీళ్లు వద్దు, బియ్యప్పిండి ఉడికినట్టయి ముద్దకడుతుంది.

పది నిమిషాలు ఉంచితే పిండి నీళ్లు పీల్చుకుని చిక్కబడుతుంది, కావాలంటే అప్పుడు ఒక చెంచా నీళ్లు. చిటికెడు వంటసోడా వేయించే ముందే కలపాలి. అరటికాయ ముక్కను ముంచి ఎత్తితే పిండి ముక్కంతా కప్పి, చివరనుంచి మెల్లగా జారాలి. ముక్క కనబడుతుంటే పలుచనైనట్టు. అప్పుడు పొడిపిండి చల్లితే మళ్లీ ఉండలే. రెండు చెంచాల పిండిని విడిగా కొద్ది నీళ్లతో ముద్దచేసి అందులో కలపాలి. అప్పటికీ ఉండలు మిగిలితే జల్లెడలో పోసి గరిటె వెనకభాగంతో నొక్కి వడకట్టవచ్చు.