గుణకాలు గ్రాములు కావు

పిల్లలూ,

మీరు ఫోన్‌లో ఫొటో తీసి పంపిన జవాబులు చూశాను. ఎక్కువమంది ఒకే చోట తప్పారు.

2H₂ + O₂ → 2H₂O

4 గ్రాముల హైడ్రోజన్‌కు ఎంత ఆక్సిజన్ కావాలంటే, 2:1 కదా అని 2 గ్రాములు రాశారు. ఆ నిష్పత్తి మోల్‌లది, బరువులది కాదు. మీ లెక్కన నీరు 4 గ్రాములే రావాలి. వాడింది 6 గ్రాములు కదా, మిగతా 2 ఏమైనట్టు?

ముందు గ్రాముల్ని మోల్‌లుగా మార్చండి. హైడ్రోజన్ అణుభారం 2 కనుక 4 గ్రాములంటే 2 మోల్‌లు. వాటికి 1 మోల్ ఆక్సిజన్ చాలు, అంటే 32 గ్రాములు. 16 వేసినవాళ్లు ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులుంటాయని మరిచారు. ఇప్పుడు నీరు 2 మోల్‌లు, 36 గ్రాములు. 4, 32 కలిపినా అంతే.

మళ్లీ ఫొటో పంపేటప్పుడు మోల్‌ల వరుస కూడా కనపడనివ్వండి. జవాబొక్కటే ఉంటే ఎక్కడ తప్పారో నాకు తెలియదు.

మీ టీచర్