చివర్లో నవ్వుంది కదక్కా!

ఓ ఆదివారం భోజనాలయ్యాక మా పిన్ని కొడుకు ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. వాడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. డేటింగ్ యాప్‌లో పరిచయమైన అమ్మాయితో మూడు వారాలుగా వాట్సాప్‌లో మాట్లాడుతున్నాడట. "నువ్వే చెప్పక్కా, ఇష్టమేనా? ప్రతి మెసేజ్ చివరా నవ్వు పెడుతోంది" అన్నాడు. ఒకరి మాటలు ఇంకొకరు చదవడం మర్యాద కాదని చెప్పాను. చెప్పి, చదివాను.

నవ్వు ఉన్నమాట నిజమే. "తిన్నానండి 😊", "అవునండి 😊". ఇంకాస్త పైకి వెళితే "కొంచెం జ్వరంగా ఉందండి 😊". దాని కింద "బస్సు మిస్సయింది 😊". నేను అక్కడ ఆగాను. జ్వరమొచ్చినప్పుడూ అదే నవ్వు, బస్సు వెళ్ళిపోయినప్పుడూ అదే నవ్వు. అంటే ఆ బొమ్మ ఆ అమ్మాయి ముఖం కాదు, ఆమె వాక్యానికి పెట్టుకున్న చుక్క.

చాట్‌లో వాక్యం చివర ఏమీ పెట్టకపోతే మనవాళ్ళకి పుల్ల విరిచినట్టు వినిపిస్తుంది. "రాను" అన్న మాటే ఎదురుగా చెబితే గొంతు, కళ్ళు, తల ఊపడం కలిసి దాన్ని మెత్తబరుస్తాయి. ఫోన్‌లో అవేమీ ఉండవు కాబట్టి ఆ పని బొమ్మ చేస్తుంది. అసలు ఈ గుర్తులు పుట్టిందే అందుకు. 1982 సెప్టెంబరు 19న అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో స్కాట్ ఫాల్మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, జోకు వేసినప్పుడు పక్కన :-) పెట్టండని తోటివారికి సూచించాడు. కంప్యూటర్ తెర మీద సరదాకి రాసిన మాటల్ని కొందరు నిజమనుకుని గొడవపడుతున్నారు మరి. చివరి గుర్తు అప్పుడూ ఇప్పుడూ చెప్పేది ఒక్కటే, ఈ మాటని ఎలా తీసుకోవాలో. రాసినవాళ్ళకి మనమంటే ఏమనిపిస్తోందో అది చెప్పదు.

దానికి తోడు కీబోర్డు సంగతొకటుంది. ఈమధ్య వాడిన బొమ్మల్ని అది ముందు వరసలోనే చూపిస్తుంది. వేలు దానంతటదే అటు పోతుంది. ఆఫీసు గ్రూపులో మేనేజరుకి వెళ్ళిన నవ్వే పది సెకన్ల తర్వాత మా వాడికీ వచ్చి ఉండొచ్చు.

అందుకని వాడికి ఓ పని చెప్పాను. బొటనవేలితో చివరి బొమ్మని మూసి, మిగిలినది చదవమన్నాను. చదివాడు. వాడు "ఈ వారం పని ఎక్కువ, నిన్న ఇంటికొచ్చేసరికి పదైంది" అని పెడితే ఆమె "అయ్యో, జాగ్రత్తండి" అంది. వాడు "మీ డ్యాన్స్ క్లాసు ఎలా ఉంది?" అని అడిగితే "బాగుందండి". మూడు వారాల్లో ఆమె వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు రెండే రెండు. ఒకటి "తిన్నారా?", రెండోది "మీరెలా ఉన్నారు?". రెండూ ఎవరినైనా అడగగలిగినవే.

ఆసక్తి ఉన్న మనిషి ఇలా రాయరు. పని ఎక్కువైందంటే "అయితే ఆ డెమో మళ్ళీ వాయిదా పడిందా?" అంటారు. డెమో మాట నాలుగు రోజుల కిందట మనం చెప్పింది, వాళ్ళకి గుర్తుంది. హార్వర్డ్ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. కొద్ది నిమిషాలు మాట్లాడుకుని జతను ఎంచుకునే స్పీడ్ డేటింగ్‌లో, ఎదుటివాళ్ళ జవాబులోంచే తర్వాతి ప్రశ్న తీసినవాళ్ళని మళ్ళీ కలవడానికి ఎక్కువమంది ఇష్టపడ్డారు. ఆ ప్రశ్న వేయాలంటే ముందు జవాబు శ్రద్ధగా వినాలి.

బొమ్మలు ఎందుకూ పనికిరావని కాదు. మారే బొమ్మకి విలువుంది. రోజూ నవ్వే పెట్టే మనిషి, మీరు వండిన ఉప్మా ఫొటోకి 🙄 పెట్టి "ఇది ఉప్మానా, సిమెంటా?" అంటే సంతోషించండి. మొహమాటం ఉన్నచోట ఎవరూ కళ్ళు తిప్పరు. వెక్కిరించడానికి కాస్త చనువు కావాలి. మన భాషలో చనువుని కొలిచే సాధనం ఇంకోటుంది, అది ఏ బొమ్మకన్నా నమ్మకమైనది. 'అండి' ఎప్పుడు జారిపోయింది? 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయింది? కొందరు ఒకసారి 'నువ్వు' అనేసి, నాలిక కరుచుకుని మళ్ళీ 'మీరు'లోకి వెళతారు. ఆ తడబాటు వంద ఎర్ర గుండెలకన్నా ఎక్కువ చెబుతుంది. మా వాడి చాట్‌లో మూడు వారాల తర్వాత కూడా 'అండి' మడత నలగలేదు.

వీటికీ హద్దులున్నాయి. బొమ్మలే వాడని మనుషులుంటారు, నైట్ షిఫ్టులో ఉండి ముక్తసరిగా రాసేవాళ్ళుంటారు. ఒక్క రోజు చాట్ చూసి ఏదీ తేల్చకూడదు. వాళ్ళ మామూలు తీరు తెలిశాకే దానికి భిన్నమైనది కనిపిస్తుంది.

మరి ఇష్టం లేకపోతే ఆ అమ్మాయి సూటిగా చెప్పొచ్చు కదా అన్నాడు వాడు. ఇక్కడ నాకు కాస్త కోపమొచ్చింది. సూటిగా 'వద్దు' అన్నందుకు బూతులు తిన్న ఆడపిల్లలు నాకు తెలుసు. ముఖం తెలియని మగవాడితో మెత్తగా మాట్లాడటం చాలామందికి మర్యాద మాత్రమే కాదు, జాగ్రత్త కూడా. ఆ మెత్తదనాన్ని మగవాళ్ళు ఇంకోలా చదువుకోవడం కొత్తదీ కాదు. 1982లోనే ఆంటోనియా ఆబీ అనే అమెరికన్ పరిశోధకురాలు ఒక ప్రయోగం చేసింది. పరిచయం లేని ఒక స్త్రీనీ పురుషుణ్ణీ ఐదు నిమిషాలు మాట్లాడుకోమని, ఇంకో జంటని చాటునుంచి చూడమంది. ఆ స్త్రీ స్నేహంగా మాట్లాడటంలో మగవాళ్ళకి ఆకర్షణ కనిపించినంతగా ఆడవాళ్ళకి కనిపించలేదు. మాట్లాడిన మగవాడిదీ, చాటునుంచి చూసిన మగవాడిదీ అదే తీరు.

బొమ్మల్ని తవ్వడం కన్నా ఒక్కసారి తేదీ చెప్పి అడగడం నయం. "ఎప్పుడైనా కలుద్దాం" అని కాదు, "ఈ శనివారం సాయంత్రం కాఫీకి కలుద్దామా?" అని. మా వాడు నా ముందే అడిగాడు. గంట తర్వాత జవాబొచ్చింది. "చూద్దామండి, ఈ వారం కొంచెం బిజీ 😊".

వాడి ముఖం వెలిగింది. నేను మళ్ళీ బొటనవేలు పెట్టమన్నాను. తెలుగులో 'చూద్దాం' అంటే చాలాసార్లు చూడమనే అర్థం. అప్పు అడిగిన బంధువుకి మా నాన్న చెప్పే మాట కూడా అదే. రావాలని ఉండి నిజంగా కుదరనివాళ్ళు వేరేలా రాస్తారు. "శనివారం అక్క వాళ్ళింట్లో ఫంక్షనుంది. ఆదివారం పొద్దున ఓకేనా?" ఇందులో ఒక్క బొమ్మ కూడా లేదు, కానీ ఇంకో రోజు ఉంది.

బిజీ నిజమే అయ్యుండొచ్చు కాబట్టి వాడు పది రోజులాగి ఇంకొక్కసారి అడిగాడు. "తప్పకుండా చెప్తానండి 😊" అని వచ్చింది. ఏ రోజో లేదు. మూడోసారి అడగొద్దన్నాను, అడగలేదు.

దీపావళి రాత్రి ఆ నంబరు నుంచి మెసేజొచ్చింది. "హ్యాపీ దీపావళి అండి 😊🪔". వాడు నాకు చూపించలేదు, తర్వాత చెప్పాడు. ఏం జవాబిచ్చావని అడిగాను.

"మీకూ అండి 😊" అని పెట్టాడట.